ఫ్రిస్కో ఇల్లు రెండేళ్లలో అమ్మొచ్చు: మళ్లీ ఏడాది లీజు ఇవ్వాలా, నెల నెలకా?

కృష్ణాతీరం | 9 మే 2026

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఫ్రిస్కోలో మాకో ఇల్లుంది. 2020లో 4.2 లక్షల డాలర్లకు కొన్నాం. ఉద్యోగం మారడంతో 2025 జూన్ 28న ఇల్లు ఖాళీ చేసి సియాటిల్ దగ్గర బోథెల్‌కి వచ్చేశాం. అమ్మాలా ఉంచుకోవాలా తేలక అద్దెకిచ్చాం. నెలకు 2,900 డాలర్లు, లీజు 2025 ఆగస్టు 1 నుంచి 2026 జులై 31 దాకా. ఉంటున్నది తెలుగు కుటుంబమే. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి ఐదో తరగతి. ఇప్పటిదాకా అద్దె ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు.

వాళ్లు ఇంకో 12 నెలల లీజు అడుగుతున్నారు. మేమేమో రెండేళ్లలోపు అమ్మేసే అవకాశం ఎక్కువ. అలాగని ఖాయంగానూ చెప్పలేం. నా స్నేహితుడొకడు "నెల నెలకి మార్చెయ్, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చేయించుకోవచ్చు" అంటున్నాడు. మా ఆవిడ మాత్రం అలా చేస్తే వాళ్లే ముందు వెళ్లిపోతారని అంటోంది. లీజులో 60 రోజుల ముందు నోటీసు అని రాసుంది, అంటే జూన్ 1 లోపల ఏదో ఒకటి తేల్చాలి. రెండు ఇళ్ల లోన్లు కడుతున్నాం, టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు చెప్పండి.

నల్లగొండ నవీన్ | 9 మే

అన్నా, ఇంత ఆలోచన అక్కర్లేదు. ఏడాది లీజు ఇచ్చెయ్. మధ్యలో అమ్మాలనిపిస్తే అమ్ము. ఇల్లు చేతులు మారితే పాత లీజు చెల్లదు, కొత్త ఓనర్ 30 రోజుల నోటీసిచ్చి ఖాళీ చేయించుకుంటాడు. మా కజిన్ ఇంటికి అలాగే జరిగింది.

రమణమూర్తి_ప్లేనో | 9 మే

నవీన్ గారూ, మీ కజిన్ విషయంలో లీజులోనే ఆ షరతు రాసి ఉండొచ్చు, లేదా అది బ్యాంకు జప్తు చేసి అమ్మిన ఇల్లయినా అయి ఉండొచ్చు. జప్తుకి నియమాలు వేరు. మామూలు అమ్మకంలో మాత్రం, లీజులో వేరే మాట లేకపోతే, కొన్నవాళ్లకి ఇంటితో పాటు ఆ లీజు కూడా వస్తుంది. గడువు తీరేదాకా వాళ్లు అద్దె తీసుకుంటారు, అంతే. నేను 14 ఏళ్లుగా ఇక్కడ ఇళ్లు అమ్మిపెడుతున్నాను. ఈ పొరపాటు వల్ల ఆగిపోయిన అమ్మకాలు కళ్లారా చూశాను.

కృష్ణాతీరం గారూ, మీ ఇంటిని ఎవరు కొంటారో ముందు ఆలోచించండి. మీరున్న చోట ఎక్కువగా కొనేది తాము ఉండటానికి, స్కూళ్ల కోసం వచ్చే కుటుంబాలే. సొంతంగా ఉంటామని లోన్ తీసుకుంటే, ఎఫ్‌హెచ్‌ఏ అయినా మామూలు కన్వెన్షనల్ లోన్ అయినా, సాధారణంగా క్లోజింగ్ అయిన 60 రోజుల్లో ఆ ఇంట్లోకి మారాలి. మీ లీజు ఇంకా ఐదు నెలలుంటే వాళ్లు కొనలేరు. లీజు ఉన్నా ఇల్లు అమ్మొచ్చు, దానికి అడ్డేం లేదు. కానీ కొనగలిగేవాళ్లలో చాలామంది పక్కకి తప్పుకుంటారు.

శ్రీదేవి_బెల్‌వ్యూ | 9 మే

మీరు బోథెల్‌లో ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. నెల నెలకి మార్చినా మీ ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించలేరు. మాకు ఇల్లు అమ్మాల్సి వచ్చినప్పుడు, అమ్ముతున్నామనే కారణం రాసి 90 రోజుల నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లు వెళ్లాక 30 రోజుల్లో ఇంటిని నిజంగా అమ్మకానికి పెట్టాలి కూడా. 30 రోజుల్లో అయిపోతుందనుకుని ముందు నోటీసు తప్పుగా ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టాం. ఎవరైనా లాయర్‌ని అడగకుండా ఏమీ చేయకండి.

కృష్ణాతీరం | 9 మే

శ్రీదేవి గారూ, థాంక్స్ అండీ. మేముంటున్నది బోథెల్‌లో, కానీ అద్దెకిచ్చిన ఇల్లు టెక్సస్‌లో. మరి ఏ రాష్ట్రం చట్టం చూడాలి?

రమణమూర్తి_ప్లేనో | 10 మే

ఇల్లు ఎక్కడుంటే అక్కడి చట్టమే. శ్రీదేవి గారు చెప్పింది వాషింగ్టన్ రాష్ట్రానికి నిజం, అక్కడ కారణం చూపాలి. టెక్సస్‌లో నెల నెల అద్దెకి కారణం అక్కర్లేదు. ఇంటాయన గానీ అద్దెకున్నవాళ్లు గానీ ఒక నెల నోటీసు ఇస్తే చాలు. రాసుకుని ఇద్దరూ సంతకం పెడితే ఆ గడువుని మార్చుకోవచ్చు కూడా.

అయితే "ఇద్దరూ" అన్న మాట దగ్గరే మీ ఆవిడ చెప్పింది సరైనది. నోటీసు హక్కు మీకెంతుందో వాళ్లకీ అంతే ఉంటుంది. వాళ్లు నవంబర్ 15న నోటీసిస్తే డిసెంబర్ మధ్యలో మీ ఇల్లు ఖాళీ అవుతుంది. ఇక్కడ డిసెంబర్, జనవరిలో అద్దెకి వచ్చేవాళ్లూ తక్కువే, కొనేవాళ్లూ తక్కువే. పిల్లల స్కూలు మధ్యలో ఎవరు మారతారు? అంటే ఖాళీ చేయించుకునే స్వేచ్ఛ కోసం మార్చారనుకోండి, ఆ స్వేచ్ఛ అక్కర్లేని నెలలో ఇల్లు ఖాళీగా మీ చేతికి రావచ్చు.

ఇంకోటి. మీ హెచ్‌ఓఏ కాగితాలు తీసి చూడండి. చాలా కాలనీల్లో లీజు కనీసం ఆరు నెలలో, ఏడాదో ఉండాలని రాసుంటుంది. ఒక లీజు అయిపోయాక అదే కుటుంబం నెల నెలకి కొనసాగితే కొన్ని చోట్ల పట్టించుకోరు, కొన్ని చోట్ల ఉల్లంఘన అని ఉత్తరం పంపుతారు. ఎవరో చెప్పారని నమ్మకుండా అందులో వాక్యం చదవండి.

పద్మజ_అర్వింగ్ | 10 మే

నేను ఇంటి ఓనర్‌ని కాదు, అద్దెకుంటున్నదాన్ని. అవతలి వైపు నుంచి చెప్పాలనిపించింది.

రెండేళ్ల క్రితం మా లీజు అయిపోతే ఇంటాయన "నెల నెలకి పోనివ్వండి, మీరు ఎన్నాళ్లయినా ఉండండి" అన్నారు. నమ్మాం. నవంబర్ మొదటి వారంలో నోటీసు వచ్చింది, అమ్ముతున్నామని. ఆయన చట్టం ప్రకారమే చేశారు, తప్పు పట్టను. కానీ మా బాబు రెండో తరగతి మధ్యలో స్కూలు మారాడు. రెండు నెలలు రోజూ పొద్దున్నే ఏడుపు. దగ్గర్లో ఇల్లు దొరక్క 300 డాలర్లు ఎక్కువ అద్దెకి వేరే చోటికి వెళ్లాం. ఉన్న ఆ నెలలోనే ఇల్లు చూడ్డానికి జనం వచ్చేవారు. ఒకపక్క పెట్టెలు సర్దుకుంటూ, ఇంకోపక్క ఇల్లు అద్దంలా ఉంచడం నాకు చేతకాలేదు. మేం వెళ్లాక ఆ ఇల్లు మార్చి దాకా ఖాళీగానే ఉందని పక్కింటావిడ చెప్పింది.

అప్పట్నుంచి మేం లీజు లేని ఇంట్లో ఉండట్లేదు. మీ వాళ్లూ పిల్లలున్నవాళ్లే కదా. అమ్మే ఆలోచన ఉందని ముందే చెప్పండి. తేదీ తెలిస్తే మేం సర్దుకోగలం.

గౌరి (సీపీఏ) | 10 మే

కృష్ణాతీరం గారూ, మీరు 28 జూన్ 2025 అని తేదీ రాశారు చూడండి, నాకు ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. ఆ తేదీ వరకూ అది మీ సొంత నివాసం. ఇల్లు అమ్మినప్పుడు వచ్చే లాభంలో, భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 5 లక్షల డాలర్ల దాకా పన్ను ఉండదు. షరతేమిటంటే, అమ్మిన రోజుకి ముందు ఐదేళ్లలో కనీసం రెండేళ్లు మీరు ఆ ఇంట్లో ఉండాలి. మీరు వెళ్లిపోయాక ఈ ఐదేళ్ల కిటికీ రోజూ ముందుకి జరుగుతూ ఉంటుంది. 2028 జూన్ 28 దాటితే, ఆ కిటికీలో మీరున్న కాలం రెండేళ్లకంటే తగ్గిపోతుంది. "రెండేళ్లలో అమ్మొచ్చు" అని మీరు అనుకుంటున్నది యాదృచ్ఛికమో కాదో తెలియదు గానీ, మీ అసలు గడువు అదే. అది కూడా ఇల్లు అమ్మకానికి పెట్టిన తేదీ కాదు, క్లోజింగ్ అయిన తేదీ.

ఉరామరిగా లెక్క వేద్దాం. ఇల్లు 6.2 లక్షలకి అమ్ముడైంది, ఖర్చులు 6 శాతం అనుకుందాం, అంటే 37,200. కొన్న ధర 4.2 లక్షలు తీసేస్తే లాభం సుమారు 1.63 లక్షలు. గడువులోపల అయితే దీనిమీద పన్ను లేదు. గడువు ఒక్క వారం దాటినా 15 శాతం చొప్పున 24,400 డాలర్లకి పైగా కట్టాల్సి రావచ్చు. మీ ఆదాయాన్నిబట్టి దానిమీద ఇంకో 3.8 శాతం పడొచ్చు. గుర్తు పెట్టుకోండి, రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే మీకు పోయే అద్దె 5,800.

ఇంకో చిన్న భాగం ఉంది. అద్దెకిచ్చిన కాలానికి ఇంటి తరుగుదల రాస్తారు కదా, స్థలం తీసేసి కట్టడం విలువ 3.3 లక్షలనుకుంటే ఏడాదికి 12,000. ఆ మొత్తానికి మినహాయింపు వర్తించదు. రెండేళ్లకి 24,000 మీద గరిష్ఠంగా 25 శాతం, అంటే 6,000 దాకా ఎలాగూ కట్టాలి.

నల్లగొండ నవీన్ | 10 మే

గౌరి గారూ, అయితే తరుగుదల అసలు రాయకపోతే ఆ 6,000 కూడా మిగులుతుంది కదా? మా ఆఫీసులో ఒకాయన అలాగే చేస్తున్నాడు.

గౌరి (సీపీఏ) | 10 మే

మిగలదండీ. మీరు రాసినా రాయకపోయినా, రాయడానికి వీలున్నంత మేర రాసినట్టే లెక్కిస్తారు. ఏటా వచ్చే తగ్గింపు వదులుకుని, చివర్లో పన్ను మాత్రం కడతారు. మీ ఆఫీసాయనకి దయచేసి చెప్పండి, ఇన్నేళ్లవి సరిదిద్దుకునే దారి ఉంది.

గోదారోడు | 11 మే

అందరూ ఖాళీ ఇల్లే అమ్మాలన్నట్టు మాట్లాడుతున్నారు. నేను క్యారల్టన్‌లో టౌన్‌హోమ్ అద్దెకున్నవాళ్లతో సహా అమ్మాను. లీజు ఇంకా ఎనిమిది నెలలుంది. కొన్నది ఇన్వెస్టర్. అదే వరసలో ఖాళీగా ఉన్న ఇల్లు పలికిన ధరకంటే నాకు 18,000 తక్కువ వచ్చింది, ఒప్పుకుంటాను. కానీ ఒక్క నెల అద్దె పోలేదు, రంగులు వేయలేదు, కార్పెట్ మార్చలేదు, ఆ కుటుంబం కదలలేదు. అవన్నీ లెక్కేస్తే పెద్ద తేడా లేదు. బాగా అద్దె కట్టే కుటుంబం ఉంటే ఇన్వెస్టర్‌కి అదే బలం.

రమణమూర్తి_ప్లేనో | 11 మే

టౌన్‌హోమ్‌కి మీ మాట ఒప్పుకుంటాను గోదారోడు గారూ. అద్దెకీ ధరకీ అక్కడ పొంతన ఉంటుంది. 6.2 లక్షల ఇంటికి 2,900 అద్దె అంటే ఏడాదికి 34,800. ఇంటి పన్ను, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ, రిపేర్లు పోయాక ఇన్వెస్టర్ చేతిలో ఏం మిగులుతుంది? ఈ ధర ఇంటికి వాళ్లు ఇచ్చే ఆఫర్లు చూస్తే కోత 18,000 దగ్గర ఆగదు.

గోదారోడు | 11 మే

ఆఫర్ అడగడానికి ఖర్చేముంది? ఖాళీ చేయించే ముందు రెండు వారాలు ప్రయత్నించొచ్చు. ఈ విషయంలో నా అభిప్రాయం నాదే.

రమణమూర్తి_ప్లేనో | 11 మే

సరే, అసలు ప్రశ్నకి వస్తాను. ఏడాదా, నెల నెలకా అని రెండే దారులున్నట్టు చూడకండి. లీజు 12 నెలలే ఉండాలని ఎక్కడా లేదు. 8 నెలలు, 10 నెలలు, 15 నెలలు, ఎంతైనా రాసుకోవచ్చు. మీరు ఎంచుకోవాల్సింది ఎన్ని నెలలన్నది కాదు, ఏ తేదీన ఇల్లు మీ చేతికి రావాలన్నది.

వాళ్లడిగినట్టు 12 నెలలిస్తే 2027 జులై 31న ఖాళీ అవుతుంది. రంగులు, చిన్న రిపేర్లు, శుభ్రం చేయించడానికి రెండు మూడు వారాలు. ఆగస్టు ఆఖరున అమ్మకానికి పెడతారు. అప్పటికి స్కూళ్లు తెరిచేస్తారు, కొనాలనుకున్న కుటుంబాలు కొనేసి ఉంటాయి. ఇంకా నష్టమైంది ఏమిటంటే, కొందరు "రెండేళ్లుంది కదా" అని 21 నెలల లీజు ఇచ్చేస్తారు. అది 2028 ఏప్రిల్ 30న ముగుస్తుంది. మే మధ్యలో అమ్మకానికి పెట్టి, రెండు వారాల్లో ఆఫర్ వచ్చినా, లోన్‌తో క్లోజింగ్‌కి 30 నుంచి 45 రోజులు. 30 రోజుల్లో అయినా సరిగ్గా జూన్ 28 దగ్గరికి వస్తారు, 45 రోజులైతే గడువు దాటిపోతుంది. అద్దెకున్నవాళ్లు ఒక నెల ఆలస్యంగా కదిలినా, కొన్నాయన లోన్ ఆగినా గౌరి గారు చెప్పిన 24,000 మీ నెత్తిన పడొచ్చు.

నేనైతే 10 నెలలు ఇస్తాను. 2026 ఆగస్టు 1 నుంచి 2027 మే 31 దాకా. స్కూళ్లు మే ఆఖరుకి అయిపోతాయి, పిల్లలకి ఇబ్బంది లేదు. జూన్ మధ్యలో ఇల్లు అమ్మకానికి సిద్ధం. వసంతకాలం ముందు భాగం పోతుంది, నిజమే. మార్చి 31 అయితే అమ్మకానికి ఇంకా మంచిది గానీ ఐదు, ఆరు తరగతుల పిల్లలున్న కుటుంబం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే సబబు. అప్పుడు అమ్మలేకపోతే లేదా అమ్మొద్దనిపిస్తే, మళ్లీ 2028 ఫిబ్రవరి ఆఖరుదాకా చిన్న లీజు ఇచ్చి రెండోసారి ప్రయత్నించడానికి మీకు వ్యవధి ఉంటుంది.

కృష్ణాతీరం | 12 మే

రమణమూర్తి గారూ, గౌరి గారూ, ఆ జూన్ 28 సంగతి మాకు అస్సలు తెలియదు. నిన్న రాత్రి మా ఆవిడా నేనూ కూర్చుని లెక్కంతా మళ్లీ వేసుకున్నాం. హెచ్‌ఓఏ కాగితాలు చూశాను, ఏ లీజయినా ఆరు నెలలకి తగ్గకూడదని రాసుంది. లీజు అయ్యాక నెల నెలకి కొనసాగడం గురించి ఒక్క ముక్క లేదు. మేనేజ్‌మెంట్ కంపెనీకి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

ఇంకో ప్రశ్న. వాళ్లకి 12 నెలలే ఇచ్చి, "అమ్మాలనుకుంటే 60 రోజుల నోటీసుతో ముగించొచ్చు" అని ఒక వాక్యం కలిపితే సరిపోదా?

రమణమూర్తి_ప్లేనో | 12 మే

సరిపోతుంది, ఇక్కడ అది మామూలే. కానీ ఆ వాక్యం మీరు రాయకండి, నన్నూ రాయమనకండి. చట్టపరమైన షరతులు మా అంతట మేం రాయడానికి మాకు అనుమతి లేదు. గంట ఫీజు ఇచ్చి లాయర్ చేత రాయించండి. నోటీసు ఏ రోజు నుంచి లెక్క, ఏ నెలలకి ముందు ఇవ్వకూడదు, అమ్మకం ఆగిపోతే ఏమవుతుంది, ఇవన్నీ అందులో ఉండాలి. ఇలాంటి వాక్యాల్లో చాలావాటికి "అమ్మితే" అని మాత్రమే రాసుంటుంది. అమ్మకానికి పెట్టినప్పుడా, ఆఫర్ వచ్చినప్పుడా, క్లోజింగ్ అయినప్పుడా? గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఏకపక్షంగా రాస్తే వాళ్లు సంతకం పెట్టరు. మీరు వాక్యం వాడుకుంటే ఒక నెల అద్దె వదిలేస్తామని రాయండి. వాళ్లకీ అదే 60 రోజుల హక్కు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇస్తే మళ్లీ డిసెంబర్ భయం ఉంటుంది.

ఇల్లు చూపించే సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. లోపలికి వెళ్లే ముందు ఇన్ని గంటల నోటీసివ్వాలని టెక్సస్ చట్టంలో లేదు, లీజులో ఏం రాసుకుంటే అదే. పద్మజ గారు చెప్పినట్టు విసిగిపోయిన కుటుంబం ఉన్న ఇల్లు ఎంత మంచిదైనా కొనేవాళ్లకి నచ్చదు. 24 గంటల ముందు మెసేజ్, వారంలో రెండు సాయంత్రాలు, శనివారం మధ్యాహ్నం అని రాసుకుంటే అందరికీ ఊరట.

డిపాజిట్ మర్చిపోకండి. వాళ్లుండగా అమ్మితే డిపాజిట్ కొన్నాయన పేరుకి మారాలి. అంత మొత్తం తనకి అందిందని కొత్త ఓనర్ సంతకం చేసి వాళ్లకి కాగితం ఇచ్చేదాకా మీ బాధ్యత కూడా పోదు.

పద్మజ_అర్వింగ్ | 12 మే

ఒక నెల అద్దె వదిలేస్తామంటే మేమైతే సంతోషంగా ఇల్లు చూపించేవాళ్లం. ట్రక్కు, కొత్త ఇంటి డిపాజిట్, రెండు చోట్లా కొన్ని రోజుల అద్దె, అన్నీ ఒకేసారి పడతాయి.

శ్రీదేవి_బెల్‌వ్యూ | 13 మే

నేను రాష్ట్రం తప్పు చదివాను, క్షమించండి. ఒక్క మాట అడుగుతాను. మీరు మళ్లీ ఫ్రిస్కోకి తిరిగి వెళ్లే అవకాశం ఉందా? ఉంటే ఈ లెక్క మొత్తం మారుతుంది కదా.

కృష్ణాతీరం | 13 మే

అదేనండీ తేలనిది. ఇక్కడ ఆఫీసులో పరిస్థితి ఈ ఏడాది చివరికి గానీ తెలియదు.

గౌరి (సీపీఏ) | 13 మే

తిరిగి వెళ్లి ఉండటం మొదలుపెడితే, ఆ కాలం కూడా రెండేళ్లలో కలుస్తుంది. కాకపోతే మధ్యలో అద్దెకిచ్చిన కాలానికి మినహాయింపు కొంత తగ్గుతుంది, ఆ లెక్క వేరు. అప్పుడు విడిగా అడగండి.

కృష్ణాతీరం | 20 మే

అప్‌డేట్. ఆదివారం వాళ్లతో ఫోన్‌లో గంట సేపు మాట్లాడాం. అమ్మే ఆలోచన ఉందని, ఇంకా ఖాయం కాదని ఉన్నదున్నట్టు చెప్పాను. 12 నెలలు కాకుండా 10 నెలలంటే మొదట ఆవిడ కొంచెం బాధపడ్డారు. పెద్దమ్మాయి మిడిల్ స్కూల్‌కి మారుతోంది, ఆరో తరగతి ఒకే చోట పూర్తి కావాలన్నారు. మే 31 అయితే అది పూర్తవుతుందని చెప్పాక, ఇంకో పది రోజులు అడిగారు, మే ఆఖరు వారం పరీక్షల హడావిడిలో సర్దుకోలేమని. జూన్ 10, 2027 అని ఒప్పుకున్నాం. అద్దె పెంచలేదు. మధ్యలో ముగించే వాక్యం పెట్టట్లేదు, దాని బదులు ఏప్రిల్ 1 లోపల అమ్ముతున్నామో లేదో రాతపూర్వకంగా చెప్తామని, ఏప్రిల్ 15 నుంచి ఇల్లు చూపించనిస్తారని లాయర్ చేత రాయిస్తున్నాం. చూపించే ఆ రెండు నెలలకీ నెలకు 250 తగ్గిస్తున్నాం.

ఇంతా అయ్యాక ఆయన ఒక మాట అడిగారు, "మీరు అమ్మేటట్టయితే ధర ముందు మాకు చెప్పండి, మేమే కొనుక్కోవచ్చేమో" అని. హెచ్‌ఓఏ నుంచి ఇంకా మెయిల్ రాలేదు.

రమణమూర్తి_ప్లేనో | 20 మే

మంచి తేదీ కుదిరింది. ఆ చివరి మాటని లీజులో మాత్రం కలపకండి. కొనే హక్కు అని ఒక్క లైన్ రాసినా, రేపు వేరేవాళ్లకి అమ్మేటప్పుడు అది అడ్డం పడుతుంది. మార్చిలో మామూలుగా ఫోన్ చేసి అడగండి, చాలు. అలాగే, గడువు అయిపోయాక లీజు దానంతటదే నెల నెలకి మారుతుందనే వాక్యం పాత ఫారంలో ఉంటుంది. కొత్తదానిలో ఏం చేయాలో సంతకాలకి ముందే లాయర్‌ని అడగండి. లేకపోతే జూన్ 11న మీరు వద్దనుకున్న చోటికే వస్తారు.

కృష్ణాతీరం | 20 మే

ఇప్పుడే తీసి చూశాను, ఆ వాక్యం ఉంది. లాయర్‌కి మెయిల్ పెడుతున్నాను.